47 శాతం మీద ఒక అప్పీలు

గ్రంథచౌర్యం చేశారంటూ విశ్వవిద్యాలయం వేసిన శిక్ష మీద విద్యార్థి పెట్టుకునే అప్పీలు రీకౌంటింగ్ దరఖాస్తు కాదు, క్షమాపణ పత్రం అంతకన్నా కాదు. దాన్ని చదివే అధికారి రెండు సంగతులే చూస్తారు. నిర్ణయం తీసుకున్న పద్ధతిలో లోపం ఉందా, ఉంటే దానివల్ల విద్యార్థికి నష్టం జరిగిందా అన్నది మొదటిది. నిర్ణయం నాటికి ప్యానెల్ ముందు లేని ఆధారం ఏదైనా ఇప్పుడు బయటపడిందా అన్నది రెండోది. ఈ రెండింటికీ చెందని మాటలు ఉత్తరంలో ఎన్ని పేజీలున్నా పక్కకు పోతాయి. తండ్రి అనారోగ్యం, ఫెలోషిప్ ఆగిపోతుందన్న భయం, అయిదేళ్ల కష్టం అన్నీ నిజమే కావచ్చు. శిక్ష తగ్గించమని అడిగేటప్పుడు వాటికి కొంత విలువ ఉంటుంది కానీ, నేరం రుజువైందా లేదా అన్న ప్రశ్నకు అవి జవాబు కావు.

మన దేశంలో ఈ వ్యవహారానికి ఆధారం విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018లో తెచ్చిన నిబంధనలు. థీసిస్‌లో ఇతర రచనలతో పోలిక ఎంత ఉందన్నదాన్ని బట్టి అవి నాలుగు స్థాయిలు పెట్టాయి. 10 శాతం వరకు ఉంటే చిన్న పోలికలుగా వదిలేస్తారు, శిక్ష ఉండదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువిచ్చి, సవరించిన ప్రతిని సమర్పించమంటారు. 40 దాటి 60 వరకు ఉంటే సవరించిన ప్రతి ఇవ్వడానికి కూడా ఏడాది పాటు వీలుండదు. 60 దాటితే ఆ కోర్సులో రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య తేడా ఒక్క శాతమే కావచ్చు గానీ, దాని ఫలితం విద్యార్థి జీవితంలో ఒక సంవత్సరం. అప్పీళ్లలో వాదమంతా ఆ అంకె చుట్టూ తిరిగేది అందుకే.

విచారణ రెండు అంచెల్లో జరుగుతుంది. ముందు విభాగం స్థాయిలో ముగ్గురు సభ్యుల ప్యానెల్ కూర్చుంటుంది. విభాగాధిపతి దానికి అధ్యక్షులు, వేరే విభాగానికి చెందిన సీనియర్ అధ్యాపకులొకరు, పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ బాగా తెలిసినవారొకరు సభ్యులు. ఫిర్యాదు అందిన 45 రోజుల్లో ఈ ప్యానెల్ తన నివేదికను సంస్థ స్థాయి ప్యానెల్‌కు పంపాలి. నలుగురు సభ్యులుండే ఆ పై ప్యానెల్ మరో 45 రోజుల్లో తన సిఫారసును వైస్ ఛాన్సలర్‌కు ఇవ్వాలి. ఎవరి మీద విచారణ జరిగిందో వారికి నివేదిక ప్రతి అందజేయాలి. రెండు ప్యానెళ్లకూ అధ్యక్షులు ఒకరే కాకూడదు. రెండూ సహజ న్యాయ సూత్రాలు పాటించి తీరాలి. వీటన్నిటికీ మించి శిక్షల నిబంధనలోనే ఒక షరతు ఉంది: తప్పు అనుమానానికి తావు లేకుండా రుజువై, అప్పీలు మార్గాలన్నీ ముగిసి, తన వాదన చెప్పుకోవడానికి తగిన అవకాశం ఆ వ్యక్తికి దక్కిన తర్వాతే శిక్ష వేయాలి. అప్పీలు రాసేవారికి ఇంతకంటే పనికొచ్చే వాక్యం ఆ నిబంధనల్లో మరొకటి లేదు. చిత్రమేమిటంటే, శిక్ష ఉత్తర్వు చేతికొచ్చాక కూడా చాలామంది ఆ నిబంధనల ప్రతిని ఒక్కసారైనా తెరిచి చూడరు.

ఒక ఉదాహరణ తీసుకుంటే సంగతి స్పష్టమవుతుంది. ఇది కల్పితమే అయినా ఇందులోని ఒక్కో ముడీ మామూలుగా ఎదురయ్యేదే. రాయలసీమ చెరువుల కింద సాగు చరిత్ర మీద పనిచేసిన ఒక పరిశోధక విద్యార్థిని జనవరి 20న థీసిస్ సమర్పించింది. లైబ్రరీలో సాఫ్ట్‌వేర్ 47 శాతం పోలిక చూపించింది. జనవరి 27న విచారణ మొదలైంది. మార్చి 3న ఆమెకు ఈమెయిల్ వచ్చింది, 5న ప్యానెల్ ముందుకు రమ్మని. దానికి జతచేసింది రిపోర్టులో మొదటి పేజీ ఒక్కటే. అందులో అంకె ఉంది గానీ ఏ వాక్యం ఎక్కడి దానితో పోలిందో లేదు. ఆ రోజు గదిలో ముగ్గురు సభ్యుల్లో ఇద్దరే ఉన్నారు. ‘47 శాతం ఎలా వచ్చింది?’ అని అడిగితే ఆమె చెప్పగలిగింది ఒక్కటే, ‘నేను కాపీ కొట్టలేదు సార్.’ విభాగం నివేదిక మార్చి 20న పైకి వెళ్లింది. ఏప్రిల్ 28న వైస్ ఛాన్సలర్ ఉత్తర్వు వచ్చింది: సవరించిన ప్రతి సమర్పించకుండా ఏడాది నిషేధం.

పూర్తి రిపోర్టు ఆమె చేతికొచ్చింది ఆ ఉత్తర్వుతో పాటే. దాన్ని పేజీ పేజీ తిప్పితే 47 శాతం మూడు ముక్కలుగా కనిపించింది. 9 శాతం గ్రంథసూచిలోని పుస్తకాల పేర్లు, కొటేషన్ మార్కుల మధ్య మూలం చెప్పి ఇచ్చిన పాత రెవెన్యూ నివేదికల భాగాలు. 26 శాతం ‘స్టూడెంట్ పేపర్’ అని మాత్రమే చూపించిన ఒకే ఒక్క మూలం. మిగిలిన 12 శాతం పుస్తకాల నుంచి, వ్యాసాల నుంచి అక్కడొకటి ఇక్కడొకటిగా వచ్చిన పోలికలు. ఆ ‘స్టూడెంట్ పేపర్’ ఎవరిదో ఆమెకు అనుమానం వచ్చింది. గత ఆగస్టులో గైడ్ సలహా మీద ఆమె తన ముసాయిదా అధ్యాయాలను అదే లైబ్రరీలో పరీక్ష చేయించుకుంది. అలా పరీక్షించేటప్పుడు పత్రాన్ని డేటాబేస్‌లో దాచిపెట్టే ఆప్షన్‌ను తీసేయకపోతే అది అక్కడే ఉండిపోతుంది. తర్వాత అదే విద్యార్థి తుది ప్రతి పెడితే, సాఫ్ట్‌వేర్ దాన్ని వేరెవరి రచనతోనో పోలినట్టు లెక్కవేస్తుంది. మే 6న లైబ్రేరియన్ నుంచి జవాబు వచ్చింది: ఆ మూలం ఆగస్టు 12న ఆమె పేరు మీదే అప్‌లోడ్ అయిన పత్రమని, దాని సబ్మిషన్ ఐడీ ఇదని.

ఇప్పుడు ఉత్తరంలో ఏం రాయాలన్నది ప్రశ్న. కోపంలో ఉన్న విద్యార్థి చేతికి దొరికిన లోపమల్లా రాసేస్తారు. ఆమె జాబితాలోనూ ముందుగా చేరేవి రెండు: విభాగం ప్యానెల్ 45 రోజుల్లో తేల్చాల్సింది 52 రోజులు తీసుకుంది, ముగ్గురిలో ఇద్దరే హాజరయ్యారు. రెండోది అసలు లోపమే కాదు. నిబంధనల ప్రకారం అధ్యక్షులతో కలిపి ఇద్దరుంటే ఆ ప్యానెల్‌కు కోరం సరిపోతుంది. దీన్ని ఉత్తరంలో పెడితే నిబంధనలు చదవకుండా రాశారన్న అభిప్రాయం మొదటి పేజీలోనే కలుగుతుంది, మిగతా మంచి వాదనలకూ ఆ నీడ పడుతుంది. మొదటిది లోపమే. అయితే ఏడు రోజుల ఆలస్యం వల్ల ఆమె చెప్పుకోగలిగిందేదీ చెప్పుకోలేకపోవడం జరగలేదు.

ఈ తేడాను బాగా తేల్చి చెప్పిన తీర్పు హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ సంస్థ కేసులో 1993లో వచ్చింది. విచారణాధికారి ఇచ్చిన నివేదికను ఉద్యోగికి చూపకుండా శిక్ష వేయవచ్చా అన్నది అక్కడి వివాదం. చూపి తీరాలని, అది సహజ న్యాయంలో భాగమేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. నివేదిక ఇవ్వలేదన్న ఒక్క కారణంతో శిక్షను యాంత్రికంగా కొట్టేయకూడదు, ఇవ్వకపోవడం వల్ల ఉద్యోగికి నష్టం జరిగిందా అని చూడాలి, ఇచ్చినా ఫలితం మారేది కాదని తేలితే శిక్ష నిలుస్తుంది. అది ఉద్యోగుల కేసే అయినా విద్యార్థుల అప్పీళ్లలోనూ ఇదే తర్కం నడుస్తుంది. విద్యార్థుల విషయంలో అంతకంటే పాత తీర్పు ఒకటుంది. ఉత్తరప్రదేశ్ ఇంటర్మీడియట్ బోర్డు పరీక్షా సంఘం కొందరి ఫలితాలను వారి మాట వినకుండానే రద్దు చేస్తే, అది చెల్లదని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది. పరీక్షల్లో అక్రమాలపై నిర్ణయం తీసుకునే సంఘం న్యాయస్థానం తరహాలోనే రెండో పక్షం మాట వినాలన్నది దాని సారం.

కాబట్టి ఆమె ఉత్తరంలో పద్ధతి లోపాలుగా నిలిచేవి రెండే. పూర్తి రిపోర్టు విచారణకు ముందు ఇవ్వకపోవడం ఒకటి. నిబంధనలు మినహాయించమన్న భాగాలను మినహాయించకుండానే లెక్క తీయడం రెండోది. మూలం చెప్పి ఉటంకించిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, ప్రామాణిక సంకేతాలు, సమీకరణాలు లెక్కలోకి రాకూడదని నిబంధనల్లోనే ఉంది. అందరికీ తెలిసిన విషయాలు, కాకతాళీయంగా కలిసే పదాలు వరుసగా 14 వరకు ఉంటే వాటినీ వదిలేయమన్నారు. సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ ఒక్కో టిక్కుతో పెట్టే సెట్టింగులు. ఎవరో టిక్కు పెట్టడం మరిచారు, అంతే. అయితే ఆ మరుపు జరిగిందని రుజువు చేయడానికి రిపోర్టు చివరి పేజీ చాలు. ఏయే మినహాయింపులు ఆన్‌లో ఉన్నాయి, ఏవి ఆఫ్‌లో ఉన్నాయి అన్నది సాధారణంగా అక్కడే అచ్చవుతుంది. మొదటి పేజీలోని పెద్ద అంకె మీదే అందరి కళ్లూ ఉంటాయి గనుక ఆ చివరి పేజీని చూసేవారు తక్కువ.

కొత్త ఆధారం విషయంలో పట్టింపు వేరు. ‘కొత్త’ అంటే విద్యార్థికి ఇప్పుడు గుర్తొచ్చింది అని కాదు. విచారణ నాటికి ప్యానెల్ ముందు లేనిదీ, సమంజసమైన ప్రయత్నం చేసినా అప్పుడు తేలేనిదీ అయి ఉండాలి. ఆగస్టులో ముసాయిదా అప్‌లోడ్ చేసిన సంగతి ఆమెకు మార్చిలోనూ తెలుసు కదా, అప్పుడే ఎందుకు చెప్పలేదు అన్న ప్రశ్న తప్పక వస్తుంది. ఇక్కడే రెండు వాదనలూ కలుస్తాయి. 26 శాతం ఒకే ‘స్టూడెంట్ పేపర్’ నుంచి వచ్చిందన్న విషయం పూర్తి రిపోర్టులో మాత్రమే ఉంది, ఆ రిపోర్టు ఆమెకు ఇవ్వలేదు. ఏం అడగాలో తెలియనప్పుడు లైబ్రేరియన్‌ను అడిగేదేముంది? పద్ధతి లోపమే కొత్త ఆధారం ఆలస్యమవడానికి కారణమైంది. విడివిడిగా రాస్తే రెండూ మామూలు ఫిర్యాదులుగా కనిపిస్తాయి, ఒకదానికొకటి ముడిపడితే ఈసీఐఎల్ తీర్పు అడిగిన నష్టం కళ్లకు కట్టినట్టు తేలుతుంది.

సరిగ్గా ఈ చోట చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 47లోంచి 9, 26 తీసేస్తే 12 వస్తుంది గనుక ‘నా అసలు పోలిక 12 శాతమే’ అని రాసేస్తారు. సాఫ్ట్‌వేర్ లెక్క అలా నడవదు. ఒక వాక్యం రెండు మూడు మూలాలతో పోలితే చాలా సాఫ్ట్‌వేర్‌లు వాటిలో బాగా దగ్గరగా ఉన్న మూలం ఖాతాలోనే దాన్ని వేస్తాయి. ఆ మూలాన్ని తీసేస్తే కింద దాగున్న రెండో మూలం పైకి వస్తుంది. ఆమె ముసాయిదాలోనూ ఒక పాత వ్యాసం నుంచి తీసుకున్న పేరా ఉంటే, ముసాయిదాను మినహాయించినా ఆ పేరా పోలికగా మిగిలే ఉంటుంది, ఈసారి ఆ వ్యాసం పేరు మీద. అందువల్ల విద్యార్థి తనే తీసివేత చేసి అంకె చెప్పకూడదు. మినహాయింపులన్నీ పెట్టి, పాత ముసాయిదాను తొలగించి, మళ్లీ పరీక్షించమని లైబ్రరీని రాతపూర్వకంగా కోరాలి. మన ఉదాహరణలో అలా చేస్తే 14 శాతం వచ్చిందనుకుందాం. 12 అని రాసి ఉంటే, ఆ తర్వాత అధికారులు చేయించిన పరీక్షలో 14 రావడం ఆమె మాట మీద నమ్మకాన్ని తగ్గించేది.

14 శాతం అంటే ఆమె పూర్తిగా బయటపడలేదన్నమాట. రెండో స్థాయి నుంచి మొదటి స్థాయికి దిగింది, అంతే. ఉత్తరం గట్టిగా నిలబడేదీ కూలిపోయేదీ ఈ సంగతిని ఎలా చెప్పారన్న దాన్ని బట్టే. మూడో అధ్యాయంలో రెండు చోట్ల మూలం చెప్పకుండా వాక్యాలు తీసుకున్నది నిజమైతే ఆ పేజీ సంఖ్యలు తనే చెప్పడం మేలు. దాచినా రిపోర్టులో రంగు వేసి మరీ కనిపిస్తాయవి. సాధారణంగా ఇలాంటి ఉత్తరాలు ఇంగ్లీషులోనే రాస్తారు. అందులోని కీలకమైన భాగం తెలుగులో ఇలా ఉంటుంది:

‘గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి. ఏప్రిల్ 28 నాటి ఉత్తర్వుపై ఈ అప్పీలు సమర్పిస్తున్నాను. మార్చి 5 విచారణకు ముందు నాకు సిమిలారిటీ రిపోర్టులో మొదటి పేజీ మాత్రమే అందింది (అనుబంధం 1). పూర్తి రిపోర్టు ఉత్తర్వుతో పాటు ఏప్రిల్ 28న అందింది. అందులో 26 శాతం పోలికకు మూలంగా చూపిన పత్రం, గత ఆగస్టు 12న లైబ్రరీలో పరీక్షకు ఇచ్చిన నా ముసాయిదాయే అని లైబ్రేరియన్ గారు మే 6న ధృవీకరించారు (అనుబంధం 2). పూర్తి రిపోర్టు ముందే అంది ఉంటే ఈ వివరణను ప్యానెల్ ముందే ఇచ్చి ఉండేదాన్ని. గ్రంథసూచిని, ఉటంకింపులను మినహాయించలేదని రిపోర్టు చివరి పేజీలో ఉంది (అనుబంధం 3). నిబంధనల ప్రకారం మళ్లీ పరీక్షించగా 14 శాతం వచ్చింది (అనుబంధం 4). 88, 103 పేజీల్లో మూలం చూపకపోవడం నా లోపమే. వాటిని సవరించి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.’

ఆ తర్వాత కోరిక. ‘తగిన న్యాయం చేయవలసిందిగా ప్రార్థన’ అని ముగిస్తే చదివే అధికారికి చేయడానికి పనేమీ మిగలదు. ఏడాది నిషేధాన్ని రద్దు చేయాలి, కొత్త రిపోర్టు ఆధారంగా స్థాయిని మళ్లీ నిర్ణయించాలి, అప్పీలు తేలేవరకు ఉత్తర్వు అమలును ఆపాలి అని మూడు మాటల్లో స్పష్టంగా అడగాలి. మూడోది మరిచిపోయేవారే ఎక్కువ. అప్పీలు నాలుగు నెలలు నడిస్తే నిషేధంలో నాలుగు నెలలు అప్పుడే గడిచిపోయి ఉంటాయి. మొదటి స్థాయి శిక్షను ఒప్పుకునే ముందు ఇంకో విషయం ఆలోచించుకోవాలి. నిబంధనల ప్రకారం రెండోసారి దొరికితే గత స్థాయి కంటే ఒక మెట్టు పై శిక్ష పడుతుంది. కాబట్టి మొదటి స్థాయి నమోదు కూడా తర్వాత లెక్కకొస్తుంది.

ఉత్తరం రెండు మూడు పేజీలు మించనక్కర్లేదు. రుజువులన్నీ అనుబంధాల్లో ఉండాలి, ఒక్కోదానికీ తేదీ, పంపినవారి పేరు కనిపించాలి. ఈమెయిల్ స్క్రీన్‌షాట్ కంటే పూర్తి హెడర్‌తో ప్రింటు తీసిన ప్రతి మేలు. దాన్ని రిజిస్ట్రార్ కార్యాలయంలో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేసిన రెండో ప్రతి తీసుకోవాలి. అప్పీలుకు గడువు ఎన్ని రోజులన్నది సంస్థను బట్టి మారుతుంది గనుక ఉత్తర్వు అందిన రోజే ఆ సంస్థ నియమావళిలో చూసుకోవాలి. గడువులోగా లైబ్రరీ జవాబు రాకపోతే, అడిగిన ఉత్తరం ప్రతిని జతచేసి అప్పీలు పెట్టేసి, జవాబు అందగానే అదనపు ఆధారంగా ఇస్తానని అందులోనే రాయాలి.

బ్రిటన్‌లో చదువుతున్న తెలుగు విద్యార్థులకు ఎదురయ్యే పద్ధతి కొంచెం వేరు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో చాలావాటి నియమావళిలో అప్పీలుకు అనుమతించే కారణాలు ముందే రాసి ఉంటాయి. పద్ధతి లోపం, ముందుగా ఇవ్వలేకపోయిన కొత్త ఆధారం, పక్షపాతం లాంటివి అందులో ఉంటాయి, విద్యార్థి తన కారణాన్ని ఫారంలో టిక్కు పెట్టి చూపాలి. అంతర్గత దశలన్నీ ముగిశాక విశ్వవిద్యాలయం ఒక ముగింపు లేఖ ఇస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ లేఖ తేదీ నుంచి 12 నెలల్లోగా ‘ఆఫీస్ ఆఫ్ ది ఇండిపెండెంట్ అడ్జుడికేటర్’ అనే స్వతంత్ర సంస్థకు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆ సంస్థ అధ్యాపకుల విద్యాపరమైన అంచనాలో జోక్యం చేసుకోదు, నియమాలు పాటించారా, నిర్ణయం సమంజసమా అన్నదే చూస్తుంది.

మన హైకోర్టులు రిట్ పిటిషన్లలో చూసేదీ దాదాపు అదే. ఎన్ని శాతం పోలిక ఉంటే చౌర్యమన్నది న్యాయమూర్తులు సాధారణంగా తేల్చరు. పద్ధతి తప్పిందని తేలినా ఎక్కువసార్లు విద్యార్థి నిర్దోషి అనరు, తప్పు జరిగిన దశ నుంచి విచారణ మళ్లీ జరపమని వెనక్కి పంపుతారు. వైస్ ఛాన్సలర్ స్థాయిలో అప్పీలు గెలిచినా జరిగేది అదే కావచ్చు. మన ఉదాహరణలోని విద్యార్థిని మళ్లీ విభాగం ప్యానెల్ ముందు కూర్చోవలసి వస్తుంది, ఈసారి పూర్తి రిపోర్టు ముందే అందుతుంది, 88, 103 పేజీల గురించి ఆమెను తప్పకుండా అడుగుతారు.